పంతొమ్మిది పోగులు

ఆర్సీ కార్డు మీద నా పేరు చూసుకున్న వారానికే శ్రీశైలం వెళ్లాలని నిశ్చయించుకున్నాను. అంతవరకు నేను నడిపినవన్నీ అన్నయ్య బండ్లు. ఇది మాత్రం నా జీతంలో దాచుకున్న డబ్బుతో కొన్నది. మూడేళ్లు వాడిన 160 సీసీ మోటార్‌సైకిలు. హైదరాబాదులో మా ఇంటి నుంచి శ్రీశైలానికి సుమారు 215 కిలోమీటర్లు. తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు, వెల్దండ, డిండి మీదుగా మన్ననూరు చేరితే అక్కడి నుంచి నల్లమల మొదలవుతుంది. కారులో ఆ దారిన చాలాసార్లు వెళ్లాను. ఒక్కదాన్నే బండి మీద వెళ్లడం అదే మొదలు.

బయలుదేరడానికి మూడు వారాల ముందు ఒక నోటుపుస్తకం తీసుకుని కావలసినవన్నీ రాసుకున్నాను. చైను, టైర్లు, బ్రేకులు, లైట్లు, క్లచ్ వైరు, పంక్చర్ కిట్టు, పానాలు, టార్చి, మందులు. ఒక్కొక్కటీ కొంటూ, చూస్తూ, పక్కన టిక్కు పెట్టుకుంటూ వచ్చాను. టిక్కులన్నీ పడ్డాక సంచీ తీసుకుని మా వీధి చివర షెడ్డులో మెకానిక్ చాచా దగ్గరికి వెళ్లాను. ముప్ఫై ఏళ్లుగా అదే షెడ్డులో బండ్లు బాగుచేస్తున్న మనిషి. సంచీలోంచి ఒక్కొక్క వస్తువూ తీసి నేల మీద గోనెపట్టా పరిచి పెట్టాడు. కొత్త క్లచ్ వైరు ఇంకా ప్లాస్టిక్ కవరులోనే ఉంది.

"గిది ఎప్పుడన్న ఎక్కించినవా బిడ్డా?" అని అడిగాడు.

లేదన్నాను. దారిలో ఎవరో ఒక మెకానిక్ దొరుకుతాడు కదా, వస్తువు నా దగ్గరుంటే చాలనుకున్నానని చెప్పాను.

"అడవిల మెకానిక్ ఏడికెల్లి వస్తడు? సంచిల ఉన్న పానా నీకేం పని రాదు. ఒక్కపారి ఈడనే విప్పి బిగియ్యి. అప్పుడు ఆడ నీ చెయ్యి దానంతటదే చేస్తది."

ఆ తర్వాతి మూడు ఆదివారాలు ఆ షెడ్డులోనే గడిచాయి. చాచా స్టూలు మీద కూర్చునేవాడు. పానా నా చేతికే ఇచ్చేవాడు. నా చేయి తప్పుదారి పట్టినా వెంటనే చెప్పేవాడు కాదు. నట్టు ఎటు తిప్పాలో నేనే కనుక్కునే దాకా ఆగేవాడు.

మొదటి ఆదివారం చైను. రెండు పళ్లచక్రాల మధ్య, సరిగ్గా నడుమ, వేలితో పైకి కిందికి కదిపితే ఎంత ఆడుతుందో స్కేలు పెట్టి కొలవాలి. నా బండి మాన్యువల్ ప్రకారం అది 25 నుంచి 35 మిల్లీమీటర్లు ఉండాలి. ఒక్కచోట కొలిచి ఊరుకోకూడదు. చక్రం కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడాలి, ఎందుకంటే చైను అంతటా ఒకేలా అరగదు. మరీ బిగుతైన చోటును బట్టే సర్దాలి. వదులైన చోటును చూసి బిగిస్తే, బిగుతైన చోటు వచ్చినప్పుడల్లా చైనూ బేరింగులూ దెబ్బతింటాయి.

రెండో ఆదివారం క్లచ్ వైరు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎడమచేతి లివరు నొక్కితే ఇంజిను శక్తి చక్రానికి అందకుండా విడిపోతుంది. గేరు మార్చాలన్నా, బండి ఆగినా ఇంజిను ఆగకుండా ఉండాలన్నా ఈ విడిపోవడం జరగాలి. లివరుకూ ఇంజినుకూ మధ్య ఉన్నది ఒక్క ఉక్కు వైరు. సన్నని పోగులు పేనిన తాడు అనుకోండి. రెండు కొసల్లోనూ పోత పోసిన చిన్న గుండు ఉంటుంది. మెకానిక్కులు దాన్ని నిపుల్ అంటారు. పైకొస గుండు లివరులోని గుంటలో కూర్చుంటుంది. కిందికొస ఇంజిను పక్కన ఒక చిన్న చేతికి తగిలించి ఉంటుంది.

లివరు నొక్కిన ప్రతిసారీ ఆ పైగుండు తన గుంటలో కొద్దిగా తిరగాలి. అక్కడ గ్రీజు ఉంటే తిరుగుతుంది. ఎండిపోయి దుమ్ము పట్టిందంటే గుండు బిగుసుకుపోతుంది. అప్పుడు అది తిరగవలసిన మేర వైరే వంగుతుంది. అదీ గుండును ఆనుకుని, ఎప్పుడూ ఒకేచోట. ఇనుపతీగను ముందుకూ వెనక్కూ వంచుతూ పోతే ఏమవుతుందో చిన్నప్పుడు అందరం చూసినదే. సిటీ ట్రాఫిక్‌లో ఆఫీసుకు పోయివచ్చే లోపల లివరు కొన్ని వందలసార్లు నొక్కుతాం. పోగులు ఒక్కటొక్కటే తెగుతాయి. అన్నీ ఒకేసారి తెగవు. తెగేది బయటికి కనబడదు కూడా, ఎందుకంటే ఆ చోటు లివరు లోపల ఉంటుంది.

చాచా నాచేత పాత వైరు విప్పించి, మళ్లీ దాన్నే ఎక్కించమన్నాడు. నిపుల్‌ని లివరులోంచి తప్పించాలంటే ముందు లివరు దగ్గరున్న అడ్జస్టర్‌ను పూర్తిగా వదులు చేయాలి. అడ్జస్టర్‌కీ, దాని లాకునట్టుకీ ఒక సన్నని చీలిక ఉంటుంది. ఆ రెండు చీలికలూ లివరు చీలికతో ఒకే గీతలోకి వస్తే వైరు పక్కనుంచి జారి బయటికొస్తుంది. ఆ గీత కుదరకుండా ఎంత లాగినా రాదు. మొదటిసారి నాకు గంట పట్టింది. రెండోసారి నలభై నిమిషాలు. మూడోసారి చీకటిపడ్డాక టార్చి నోట్లో పెట్టుకుని చేయించాడు.

ఆరోజు నేను చేయవలసి ఉండీ చేయనిది ఒకటుంది. పాత వైరు నా చేతిలో ఉంది. నిపుల్ నా వేళ్ల మధ్యే ఉంది. దాన్ని తుడిచి, గుండు పక్కన పోగులెలా ఉన్నాయో చూసి ఉండాల్సింది. నా మనసంతా ఎక్కించడం మీదే ఉంది. నల్లటి గ్రీజు గడ్డకట్టిన కొసను అలాగే గుంటలో పెట్టేశాను. చాచా అప్పుడే వచ్చిన మరో బండి చూడటానికి లేచి వెళ్లాడు. నోటుపుస్తకంలో క్లచ్ వైరు పక్కన టిక్కు అప్పటికే ఉంది. లివరు నొక్కితే పనిచేస్తోందని చూసి పెట్టిన టిక్కు అది.

చివర్లో కొత్త వైరును కూడా బండికే కట్టించాడు. పాతదాని వెంబడే, అదే దారిలో, ప్లాస్టిక్ టైలతో. రెండు కొసలకూ గ్రీజు రాసి, దుమ్ము పోకుండా పాల ప్యాకెట్ కవరు చుట్టి టేపు వేశాం. పెట్రోలు ట్యాంకు కిందనుంచి కొత్త వైరును దూర్చడమే ఈ పనిలో కష్టమైన భాగం. అది ఇంటి దగ్గరే అయిపోతే, రోడ్డు మీద రెండు కొసలు తగిలించుకుంటే సరిపోతుంది.

మూడో ఆదివారం స్కూలు గ్రౌండులో క్లచ్ ముట్టకుండా బండి నడపడం నేర్పాడు. న్యూట్రల్‌లో ఇంజిను స్టార్టు చేయాలి. రెండు కాళ్లతో నేలను తోస్తూ మనిషి నడిచేంత వేగం అందుకోవాలి. అప్పుడు మొదటి గేరు గట్టిగా నొక్కాలి. బండి ఒక్క ఉదుటున ముందుకు గుంజుతుంది, అదే క్షణంలో కాస్త యాక్సిలరేటర్ ఇవ్వాలి. పై గేర్లకు పోవడం తేలిక. గేరు లివరును కాలివేళ్లతో పైకి ఎత్తిపట్టి ఉంచి, యాక్సిలరేటర్‌ను కనురెప్ప కొట్టినంతసేపు వదిలితే, బరువు తగ్గిన ఆ క్షణంలో గేరు దానంతటదే పడుతుంది. ఏడుసార్లు ఇంజిను ఆగిపోయాక ఎనిమిదోసారి మూడో గేరులోకి వెళ్లాను. "గిది రోజు చేసే పని కాదు, గేర్లు ఖరాబైతయ్. బయటపడేటందుకే" అని చాచా రెండుసార్లు చెప్పాడు.

ఈ మధ్యలోనే యాదగిరిగుట్టకు వెళ్లివచ్చాను, దారి అలవాటు కోసం. రానూపోనూ సుమారు 130 కిలోమీటర్లు. ఆ ఒక్క పూట రెండు సంగతులు చెప్పింది. టీ, నీళ్లు, ఫోను కోసం ఆగినవన్నీ కలుపుకుంటే నా సగటు వేగం గంటకు 36 కిలోమీటర్లే. నేనేమో యాభై అనుకుంటూ వచ్చాను. రెండోది, 70 కిలోమీటర్లు దాటాక ఎడమచేతి వేళ్లు తిమ్మిరెక్కాయి. క్లచ్ లివరు నొక్కి నొక్కి అలసిపోయాయనుకున్నాను. ఇంటికొచ్చి మందపాటి గ్లవ్స్ కొన్నాను. లివరు మునుపటికంటే గట్టిగా ఉందేమో అన్న ఆలోచన అప్పుడు రాలేదు.

36తో లెక్క మళ్లీ వేశాను. 215 కిలోమీటర్లకు ఆరు గంటలు. నల్లమలలో ఈ దారి అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోంచి పోతుంది. జంతువుల కోసం రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలరు. గేటు తొమ్మిదికి మూస్తారు కదా అని ఎనిమిదిన్నరకు చేరేలా లెక్క వేసుకోవడం నాకు సరికాదనిపించింది. చీకట్లో అడవిలో బండి ఆగిపోతే ఏమిటన్నదే నా ప్రశ్న. అందుకని వెనకనుంచి లెక్క కట్టాను. సాయంత్రం ఐదుకల్లా అడవి దాటాలి. మన్ననూరు నుంచి దోమలపెంట దాకా అడవిదారికి ఆగకుండా పోతే రెండు గంటలు, ఏదైనా జరిగితే బాగుచేసుకోవడానికి మరో రెండు గంటలు. అంటే మధ్యాహ్నం ఒంటిగంట లోపల మన్ననూరు గేటు దగ్గర లేకపోతే, ఆరోజు వెనక్కి తిరగాలి. ఆ మాట పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. అక్కడికి వెళ్లాక మనసు మార్చుకునే వీలు లేకుండా ముందే రాసిపెట్టుకోవడం మంచిది.

అమ్మతో కూడా ఒక లెక్క కుదుర్చుకున్నాను. "మన్ననూరు నుంచి ఫోన్ చేస్తానమ్మా. ఆ తర్వాత అడవిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. నాలుగు గంటలు నా ఫోను కలవకపోయినా కంగారుపడకు. నాలుగు దాటితే మాత్రం అన్నయ్యకు చెప్పు" అన్నాను. అమ్మ ఆ సంగతి క్యాలెండరు వెనక రాసుకుంది. అంతకుముందు గంటకోసారి ఫోన్ చేయమంది. గంటకోసారి ఒప్పుకుని ఉంటే, మొదటి గంటలో సిగ్నల్ లేకపోతేనే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి.

నవంబరు నెలాఖరు. తెల్లవారుజామున 5:45కి బయలుదేరాను. బయలుదేరే ముందే టైర్లలో గాలి చూసుకున్నాను. బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసిందే అసలు లెక్క. కొంతదూరం పోయాక వేడికి లోపలి గాలి పెరుగుతుంది, అప్పుడు చూసి ఎక్కువైందని తీసేస్తే చల్లబడ్డాక తక్కువైపోతుంది. తుక్కుగూడ దాటేసరికి తూర్పున వెలుగొచ్చింది. కడ్తాల్ దగ్గర పొలాల మీద మంచు పలచగా పరుచుకుని ఉంది. గాలి గ్లవ్స్ లోపలికీ దూరుతోంది. అక్కడే మొదటిసారి లివరు నొక్కినప్పుడు వేళ్లకు ఏదో గరుకుగా తగిలింది. ఇసుకలో తాడు లాగినట్టు. చలికి అనుకున్నాను. వెల్దండ దగ్గర గేరు మారుస్తుంటే బండి చిన్నగా గుంజింది. లివరు దగ్గర ప్లే పెరిగింది.

ప్లే అంటే లివరు నొక్కడం మొదలుపెట్టాక వైరు బిగుసుకునేలోపు వృథాగా పోయే ఆ కొద్ది దూరం. నా బండికి లివరు కొసన 10 నుంచి 15 మిల్లీమీటర్లు ఉండాలి. అసలు లేకపోతే క్లచ్ ఎప్పుడూ సగం నొక్కినట్టే ఉండి లోపలి ప్లేట్లు జారి అరిగిపోతాయి. ఎక్కువైతే పూర్తిగా నొక్కినా క్లచ్ విడిపోదు, గేరు మొరాయిస్తుంది. డిండిలో టిఫిను తిన్నాక పానా తీసి అడ్జస్టర్‌తో ప్లే సరిచేశాను. సరిచేయడం వచ్చినందుకు సంతోషించాను. రెండు వారాల క్రితమే సరిచేసిన ప్లే నూరు కిలోమీటర్లలో ఎందుకు పెరిగిందని అడుక్కోలేదు. వైరు ఊరికే పొడవు పెరగదు. పోగులు తెగి, మిగిలినవాటి మీద బరువు పడితేనే అంత త్వరగా సాగుతుంది. గరుకు ఒక గుర్తు, మళ్లీ మళ్లీ పెరిగే ప్లే రెండో గుర్తు. రెండూ ఆ ఉదయమే నా చేతికి అందాయి.

9:50కి మన్ననూరు చేరి అమ్మకు ఫోన్ చేశాను. అంతకుముందే ట్యాంకు నింపుకున్నాను. గేటు దాటాక రోడ్డు మలుపులు తిరుగుతూ పైకెక్కుతుంది. టేకుచెట్ల మధ్యగా ఎండ ముక్కలు ముక్కలుగా పడుతోంది. ఎక్కడం అయిపోయాక అడవి రెండువైపులా సమంగా సాగుతుంది. నెమ్మదిగా పొమ్మని, ఆగవద్దని, కోతులకు తిండి పెట్టవద్దని బోర్డులున్నాయి. పెట్టేవాళ్లు పెడుతూనే ఉంటారు. అందుకే ఒక మలుపు ముందు కోతుల గుంపు రోడ్డు నడిమధ్య అరటితొక్కల చుట్టూ కూర్చుని ఉంది.

మూడో గేరు నుంచి రెండుకు దిగుదామని క్లచ్ నొక్కాను. టిక్కుమని చిన్న చప్పుడు. లివరు ఏ బరువూ లేకుండా హ్యాండిల్‌కు వచ్చి ఆనుకుంది. బ్రేకు నొక్కాను. ఇంజిను రెండుసార్లు దడదడలాడి ఆగిపోయింది. కోతులు చెట్లెక్కాయి. తర్వాత అడవి చప్పుడు ఒక్కటే వినిపించింది.

భయం వేయలేదని చెప్పను. గుండె గొంతులో కొట్టుకుంది. అయినా ఒక తేడా ఉంది. బండికి ఏమైందో నాకు తెలుసు. చేతిలో వేలాడుతున్న ఆ లివరును షెడ్డులో మూడుసార్లు నేనే అలా వేలాడదీశాను. తెలియని జబ్బుకూ తెలిసిన జబ్బుకూ ఎంత తేడానో అంత తేడా.

మొదటి పని, మలుపు దగ్గరి నుంచి బండిని తప్పించడం. గేరులో ఆగిపోయిన బండి క్లచ్ లేకుండా కదలదు. దాన్ని ముందుకూ వెనక్కూ కొద్దిగా ఊపుతూ, కాలితో గేరు లివరును కిందికి నొక్కుతూ పోతే మొదటి గేరు దాకా దిగింది. అక్కడినుంచి సగం పైకి ఎత్తితే న్యూట్రల్ లైటు పచ్చగా వెలిగింది. రెండువైపుల నుంచీ వచ్చేవాళ్లకు కనబడేలా నలభై అడుగులు తోసుకుంటూ వెళ్లి అంచున నిలబెట్టాను.

వైరు అక్కడే మార్చవచ్చు. పనిముట్లన్నీ ఉన్నాయి. కానీ ఇరవై నిమిషాలో, గంటో, అడవి రోడ్డు అంచున తలవంచుకుని కూర్చోవాలి. అది పులుల అడవి, పైగా మలుపు. ముందు వటవర్లపల్లి ఉందని ఇంట్లో గీసుకున్న మ్యాపులో చూసుకున్నాను, 11 కిలోమీటర్లు. అక్కడిదాకా క్లచ్ లేకుండానే పోవాలని నిర్ణయించుకున్నాను. ఇదంతా తేల్చుకోవడానికి అయిదు నిమిషాలు పట్టి ఉంటుంది. ముందే ఆలోచించుకోకపోతే ఆ అయిదు నిమిషాలు చేతులు నలుపుకోవడంలోనే పోయేవి.

స్టార్టు చేసి, కాళ్లతో తోసి, మొదటి గేరు నొక్కాను. ఆగిపోయింది. మళ్లీ. మూడోసారికి బండి ఉదుటున దూకి ముందుకు సాగింది. రెండు, మూడు గేర్లు పడ్డాయి. 35 వేగంతో మూడో గేరులోనే ఉంచాను. వెనక కారొస్తే పక్కకు జరిగి దారిచ్చాను కానీ వేగం మార్చలేదు. ఆగవలసి వస్తే మళ్లీ ఈ తోపులాటంతా ఉంటుంది కాబట్టి కళ్లు రెండొందల గజాల ముందుకే చూస్తున్నాయి. ఎక్కడ కోతులున్నాయో, ఎక్కడ బస్సు ఆగిందో ముందే చూసి యాక్సిలరేటర్ తగ్గించాను. ఊళ్లోకి వచ్చాక సమంగా, వెడల్పుగా ఉన్న చోటు చూసుకుని, బ్రేకు వేస్తూ ఇంజిను స్విచ్చి ఆపేశాను.

టీకొట్టు ముందు వేపచెట్టు కింద బండి పెట్టాను. కొట్టులో ముసలావిడ బయటికొచ్చి నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని రోడ్డు వైపు చూసింది.

"ఒక్కదానివే వచ్చినవా బిడ్డా?"

"అవునవ్వా. క్లచ్ వైరు తెగింది. ఇక్కడ బాగుచేసుకుంటా."

"నువ్వే చేస్తవా?"

"నేనే చేస్తనవ్వా."

ఆవిడ చెంబుతో నీళ్లు తెచ్చిపెట్టి అరుగు మీద కూర్చుంది. పని అయ్యేదాకా లోపలికి వెళ్లలేదు.

పాల కవర్లు విప్పి కొత్త వైరు కొసలు బయటికి తీశాను. చీలికలు ఒక గీతలోకి తెచ్చి పాత నిపుల్ తప్పించాను. కింద ఇంజిను దగ్గర కొస మార్చడానికే ఎక్కువసేపు పట్టింది. ఇంజిను కాలుతోంది. షెడ్డులో ఎప్పుడూ చల్లటి ఇంజిను మీదే చేశాను. వేడి ఇంజిను మీద ఎలాగో నేర్చుకోలేదు. పావుగంట చల్లారనిచ్చి, గ్లవ్స్ వేసుకుని చేశాను. రెండు కొసలూ తగిలాక ప్లే సరిచేసి లివరు నొక్కితే మెత్తగా, వెన్నలా కదిలింది.

అయిపోయిందనుకుని పానాలు సర్దుతుంటే చాచా మాట గుర్తొచ్చింది. వైరు మార్చాక హ్యాండిల్ ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి రెండువైపులా ప్లే చూడాలన్నాడు. ఎడమకు తిప్పితే సరిగానే ఉంది. పూర్తిగా కుడికి తిప్పేసరికి ప్లే పోయింది, లివరు బిగుసుకుంది. కట్టిన టైలలో ఒకటి హెడ్‌లైటు వెనక వైరును బిగించి పట్టుకుని ఉంది. అలాగే వెళ్లి ఉంటే శ్రీశైలం ఘాట్‌లో కుడికి తిరిగే ప్రతి మలుపులోనూ క్లచ్ సగం నొక్కినట్టయ్యేది. ఎక్కుడు రోడ్డులో ఇంజిను అరుస్తుంది, బండి మాత్రం ముందుకు పోదు. ఆ టై కోసేసి వైరుకు కాస్త వదులిచ్చాను. మళ్లీ రెండువైపులా తిప్పాను. ఈసారి రెండువైపులా ఒకేలా ఉంది.

11:50 అయింది. అవ్వ టీ ఇచ్చి డబ్బులు వద్దంది. బలవంతాన చేతిలో పెట్టాను. చేతులకు అంటిన గ్రీజు ఆమె ఇచ్చిన సబ్బుకు పూర్తిగా పోలేదు.

దోమలపెంటలో సిగ్నల్ వచ్చేసరికి ఒంటిగంట దాటింది. అమ్మ ఒక్క రింగుకే ఎత్తింది. "ఇంకా నాలుగు గంటలు కాలేదులే అనుకుంటున్నా" అంది, గొంతు మామూలుగానే ఉంచడానికి ప్రయత్నిస్తూ. వైరు సంగతి అప్పుడే చెప్పేశాను. దాచాలనిపించలేదు. ఈగలపెంట దాటి డ్యాం కనబడే మలుపులు దిగి, కృష్ణ దాటి, సున్నిపెంట మీదుగా మళ్లీ ఎక్కి, రెండుంపావుకు శ్రీశైలం చేరాను. ఆ మలుపులన్నిటిలో కుడికి తిరిగినప్పుడల్లా నా వేళ్లు లివరు ప్లేను తడిమి చూశాయి.

మర్నాడు అదే దారిన తిరిగొచ్చాను. వటవర్లపల్లిలో ఆగి అవ్వకు శ్రీశైలం ప్రసాదం ఇచ్చాను.

తెగిన వైరును పారేయకుండా చుట్టి సంచీలో పెట్టుకున్నాను. చాచా దాన్ని కిరోసిన్‌లో ముంచి గుడ్డతో తుడిచాడు. గుండు పక్కన తెగిన కొసను వెలుగులో పెట్టి, భూతద్దం ఇచ్చి లెక్కపెట్టమన్నాడు. 19 పోగులు. పదకొండింటి కొసలు నల్లగా, తుప్పుపట్టి ఉన్నాయి. ఎనిమిది కొసలు వెండిలా మెరుస్తున్నాయి.

"మెరిసేటివి నిన్నమొన్న తెగినయ్. నల్లటివి ఎప్పుడో తెగి గాలి, నీళ్లు సోకినయ్" అన్నాడు.

అంటే ఆ రెండో ఆదివారం నిపుల్ నా వేళ్ల మధ్య ఉన్నప్పుడే సగానికి పైగా తెగి ఉండవచ్చు. యాదగిరిగుట్ట దారిలో నా వేళ్లు తిమ్మిరెక్కినప్పుడు కూడా. మూడు వారాలు ఆ వైరును విప్పాను, కట్టాను, దాని వెంబడే కొత్తదాన్ని పరిచాను. ఒక్కసారి గుడ్డతో తుడిచి ఉంటే పదకొండు పోగులూ కనబడేవి. వైరు తెగితే ఏం చేయాలో నేర్చుకున్నాను. తెగుతోందని ఎలా తెలుసుకోవాలో నేర్చుకోలేదు. ఆ రెండోదాని గురించి చాచా ఏమీ అనలేదు. తనూ ఆరోజు చూసి ఉండాల్సిందని మాత్రం, ముఖం పక్కకు తిప్పుకుని, అన్నాడు.

నోటుపుస్తకం తీసి ఆ పేజీ తెరిచాను. "క్లచ్ వైరు" అన్న మాట కొట్టేసి, దాని కింద రాసుకున్నాను: "పైకొస లివరులోంచి తీసి, తుడిచి, వెలుగులో పోగులు చూడాలి. నిపుల్ గుంటలో తిరుగుతోందా? గ్రీజు. ప్లే కొలిచి తారీఖుతో రాయాలి." తర్వాత మిగతా వరసలు కూడా చదివాను. బ్రేకులు, ఒక టిక్కు. లైట్లు, ఒక టిక్కు. బ్రేకుల పక్కన టిక్కు పెట్టిన రోజు నేను ఏం చూశానో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. లివరు నొక్కాను, బండి ఆగింది. అంతే.

"చాచా, బ్రేకు ప్యాడ్లు ఎట్ల చూడాలె?" అని అడిగాను.

స్టూలు దగ్గరికి జరుపుకుని, 12 నంబరు పానా నా చేతికిచ్చాడు.